x² పదం లేని బహుపదిని భాగించేటప్పుడు: x = 1 పెట్టి చూసినా దొరకని తప్పు

"సార్, నాది పదో తరగతి. 2x⁴ + 3x³ − 5x + 4 ని x² − 2 తో భాగిస్తే నాకు భాగఫలం 2x² + 7x, శేషం 9x + 4 వచ్చాయి. గైడులో మాత్రం 2x² + 3x + 4, x + 12 అని ఉంది. నేను x = 0 పెట్టి చూశాను, x = 1 పెట్టి చూశాను, రెండుసార్లూ సరిపోయింది. మరి గైడులో అచ్చుతప్పా? భాగఫలం, శేషం పరీక్షలో ఎలా రాస్తే మార్కులు పోవు?"

గైడులో అచ్చుతప్పేమీ లేదు. తప్పు నీ లెక్కలోనే ఉంది, అదీ మొట్టమొదటి తీసివేతలోనే. కానీ జవాబు రాగానే వదిలేయకుండా నువ్వు సరిచూసుకున్నావు, పైగా రెండుసార్లూ సరిపోయింది. అసలు తమాషా అంతా అక్కడే ఉంది. తప్పు జవాబు ఆ రెండు చోట్లా ఎలా నెగ్గుకొచ్చిందో తెలిస్తే, పదం లేని చోట సున్నా ఎందుకు పెట్టమంటారో వేరే చెప్పక్కర్లేదు.

నువ్వు స్టెప్పులు పెట్టలేదు గానీ, జవాబును బట్టి చూస్తే ఇలా చేసి ఉంటావు:

```
         2x² + 7x
         ----------------------
x² − 2 ) 2x⁴ + 3x³ − 5x + 4
         2x⁴ − 4x²
        (−)   (+)
         ----------------------
               7x³ − 5x
               7x³ − 14x
              (−)   (+)
         ----------------------
                     9x + 4
```

మొదటి అడుగు బాగానే ఉంది. 2x⁴ ని x² తో భాగిస్తే 2x². దాంతో x² − 2 ని గుణిస్తే 2x⁴ − 4x². ఇంతవరకు తప్పేమీ లేదు. ఇప్పుడు ఆ −4x² ని ఎక్కడ రాయాలి? పై వరుసలో x² పదం లేదు. 2x⁴ పక్కన ఖాళీగా కనిపించింది 3x³ కింది చోటు. నీ చెయ్యి అక్కడికి వెళ్లింది. తీసివేతలో గుర్తు మార్చావు, 3 కి 4 కలిపావు, 7x³ అని రాశావు. కానీ 3x³, 4x² సజాతి పదాలు కావు. 3x³ + 4x² ని ఎవరైనా విడిగా ఇచ్చి కలపమంటే నువ్వు 7x³ అని చచ్చినా రాయవు. నిలువు వరుసలో ఒకదాని కింద ఒకటి ఉండేసరికి మాత్రం కళ్లు గుణకాలను చూస్తాయి, ఘాతాలను చూడవు. ఈ తప్పు చేసే పిల్లలకు బీజగణితం రాక కాదు, కాగితం మీద చోటు లేక చేస్తారు.

ఇప్పుడు నీ జవాబు తిరిగి గుణించి చూద్దాం:

(x² − 2)(2x² + 7x) + (9x + 4) = 2x⁴ + 7x³ − 4x² − 14x + 9x + 4 = 2x⁴ + 7x³ − 4x² − 5x + 4

నీకు ఇచ్చింది 2x⁴ + 3x³ − 5x + 4. రెంటికీ తేడా ఎంత? మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే 4x³ − 4x² మిగులుతుంది, అంటే 4x²(x − 1). ఈ తేడా ఎప్పుడు సున్నా అవుతుంది? x = 0 అయినప్పుడు, x = 1 అయినప్పుడు. ఇంకే విలువకూ కాదు. x కి ఇన్ని విలువలుండగా నువ్వు సరిగ్గా ఆ రెండే ఎంచుకున్నావు!

x = 1 సంగతి మాత్రం నీ లెక్కలో కాకతాళీయం కాదు. x కి 1 పెడితే x, x², x³, x⁴ అన్నీ 1 అయిపోతాయి. కాబట్టి x² కి చెందాల్సిన 4 పొరపాటున x³ ఖాతాలో పడ్డా, మొత్తంలో తేడా రాదు. గుణకాల కూడికలు, తీసివేతలు సరిగ్గా చేసి, వరుస మాత్రం తప్పితే, ఆ తప్పును x = 1 ఎప్పటికీ పట్టుకోలేదు. పదం లేని బహుపదుల్లో సాధారణంగా జరిగేది ఆ రకం తప్పే. అంటే మనకు బాగా అవసరమైన చోటే ఆ పరీక్ష గుడ్డిది. x = 0 పెడితే స్థిరపదాలు తప్ప అన్నీ మాయమవుతాయి. నీ లెక్కలో చివరి 4 ని ఎవరూ ముట్టుకోలేదు, అలాగే శేషంలోకి దిగింది, అందుకని అక్కడా సరిపోయింది.

x = 2 పెట్టి చూడు. ఇచ్చిన బహుపది విలువ 32 + 24 − 10 + 4 = 50. నీ జవాబు ప్రకారం విభాజకం 4 − 2 = 2, భాగఫలం 8 + 14 = 22, శేషం 18 + 4 = 22. గుణించి కలిపితే 44 + 22 = 66. తేడా 16. 4x²(x − 1) లో x = 2 పెట్టినా అదే 16 వస్తుంది. గైడు జవాబుతో అయితే భాగఫలం 8 + 6 + 4 = 18, శేషం 14, కాబట్టి 36 + 14 = 50. సరిపోయింది.

ఇక సరైన పద్ధతి. పెన్ను పట్టుకోగానే భాగించడం మొదలుపెట్టొద్దు. ముందు విభాజ్యాన్ని పెద్ద ఘాతం నుంచి చిన్న ఘాతానికి దింపుకుంటూ రాయి, లేని ప్రతి పదానికీ సున్నా గుణకం పెట్టు. ఇక్కడ x⁴ ఉంది, x³ ఉంది, x² లేదు, x ఉంది, స్థిరపదం ఉంది. కాబట్టి 2x⁴ + 3x³ + 0x² − 5x + 4. రాశాక పదాలు లెక్కపెట్టుకో. పరిమాణం 4 అయితే 5 పదాలుండాలి, పరిమాణం 5 అయితే 6. పరిమాణం కంటే ఒకటి ఎక్కువ. ఈ లెక్క కుదిరితేనే గీత గీయి.

విభాజకంలోనూ x పదం లేదు, దాన్ని x² + 0x − 2 అని రాయొచ్చు. దీని విషయంలో నాది కొంచెం మెతక మాట. విభాజ్యంలో సున్నా పెట్టి తీరాలి, ఎందుకంటే ఆ సున్నాయే కింద వచ్చే పదానికి వరుస ఏర్పాటు చేస్తుంది. విభాజకంలో సున్నా పెట్టకపోయినా, గుణించగా వచ్చిన ప్రతి పదాన్నీ దాని ఘాతం ఉన్న వరుస కిందే రాస్తే నష్టం లేదు. అయినా నీలా కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు రెండు చోట్లా పెట్టడమే మేలు. రెండో అడుగులో ఎందుకో కనిపిస్తుంది.

```
                          2x² +  3x +  4
              ---------------------------
x² + 0x − 2 ) 2x⁴ + 3x³ + 0x² −  5x +  4
              2x⁴ + 0x³ − 4x²
             (−)   (−)   (+)
              ---------------------------
                    3x³ + 4x² −  5x
                    3x³ + 0x² −  6x
                   (−)   (−)   (+)
              ---------------------------
                          4x² +   x +  4
                          4x² +  0x −  8
                         (−)   (−)   (+)
              ---------------------------
                                  x + 12
```

మొదటి అడుగులో −4x² ఇప్పుడు 0x² కిందికి వచ్చింది. అక్కడ చేసే తీసివేత 0 − (−4), అంటే +4. సున్నా దగ్గర పిల్లలు చేసే ఇంకో పొరపాటు ఇక్కడే ఉంటుంది. పైన సున్నా ఉంది కదా, కిందున్న −4x² ని ఉన్నదున్నట్టు దించేస్తారు. సున్నాలోంచి తీసేసినా తీసివేతే, గుర్తు మారాల్సిందే. అందుకే కింద బ్రాకెట్లలో మారిన గుర్తులు రాసుకోమనేది. ఆ గుర్తుల వరుస రాయడం చిన్నతనమని తొమ్మిదిలోనే మానేసేవాళ్లుంటారు. నా సలహా, పబ్లిక్ పరీక్ష అయ్యేదాకా రాస్తూనే ఉండు.

3x³ లోంచి 0x³ తీసేస్తే 3x³ అలాగే ఉంటుంది. నీ లెక్కలో 7 గా మారింది ఇదే 3. పై వరుసలోంచి −5x ని దించితే 3x³ + 4x² − 5x అయింది. విభాజకంలో మూడు వరుసలున్నాయి కాబట్టి ప్రతిసారీ పని జరిగేదీ మూడు వరుసల్లోనే. ఒక్కో అడుగుకు ఒక్క పదం దించుకుంటే చాలు.

రెండో అడుగులో 3x³ ని x² తో భాగిస్తే 3x. దాంతో గుణిస్తే 3x³ + 0x² − 6x. విభాజకంలో 0x రాసుకోకపోతే ఇది 3x³ − 6x అని రెండే పదాలుగా వచ్చేది. అప్పుడు −6x వెళ్లి 4x² కింద కూర్చునేది, మళ్లీ అదే గొడవ. ఇప్పుడు మధ్యలో 0x² అడ్డంగా ఉంది కాబట్టి −6x సరిగ్గా −5x కిందికి వెళ్లింది. −5x లోంచి −6x తీసేస్తే −5x + 6x, అంటే x. గుణకం 1 కాబట్టి 1 రాయక్కర్లేదు గానీ, ఆ x ని మాత్రం దాని వరుసలోనే ఉంచు.

మూడో అడుగులో 4x² ని x² తో భాగిస్తే 4. గుణిస్తే 4x² + 0x − 8. తీసేస్తే x మీద మార్పు లేదు, 4 − (−8) = 12. మిగిలింది x + 12.

ఇక్కడ ఆగాలి. ఎందుకు ఆగాలి? x + 12 పరిమాణం 1, విభాజకం x² − 2 పరిమాణం 2. శేషం పరిమాణం విభాజకం పరిమాణం కంటే తక్కువైంది. x ని x² తో భాగిస్తే 1/x వస్తుంది, అది బహుపది పదం కాదు. కాబట్టి ముందుకు పోవడానికి వీల్లేదు. శేషంలో ఇంకా x కనిపిస్తోంది కదా, లెక్క అయిపోలేదేమో అని కొందరికి అనుమానం వస్తుంది. విభాజకం పరిమాణం 2 అయితే శేషంలో x ఉండొచ్చు, x² ఉండకూడదు. విభాజకం x − 3 లాంటిదైతే శేషం వట్టి సంఖ్యే అవ్వాలి.

ఇందాకటి x = 2 లెక్క చూసి నీకు ఇంకో సందేహం రావాలి. అక్కడ 50 = 2 × 18 + 14 అని వచ్చింది. విభాజకం విలువ 2, శేషం విలువ 14. సంఖ్యల భాగహారంలో శేషం విభాజకం కంటే చిన్నదై ఉండాలని చదువుకున్నాం కదా, ఇదేంటి? బహుపదుల్లో చిన్న, పెద్ద అనేది పరిమాణాన్ని బట్టే తప్ప x కి ఏదో విలువ పెడితే వచ్చే సంఖ్యను బట్టి కాదు. అందుకని 14 ని చూసి కంగారుపడి ఇంకో అడుగు వేయొద్దు.

సున్నా ఎందుకు అవసరమో కంటికి కనిపించేలా చూడాలంటే x కి 10 పెట్టు. విభాజ్యం 20000 + 3000 + 0 − 50 + 4 = 22954 అవుతుంది. విభాజకం 98. భాగఫలం 200 + 30 + 4 = 234. శేషం 22. 98 × 234 = 22932, దానికి 22 కలిపితే 22954. 2x⁴ పదివేల స్థానం, 3x³ వేల స్థానం, 0x² వందల స్థానం. రెండువేల మూడువందల అయిదును 2305 అని రాయకుండా 235 అని ఎవరూ రాయరు. బహుపదిలో మాత్రం x² ని ఎగరేసి రాసినా విలువ మారదు, ఎందుకంటే ప్రతి పదం తన స్థానాన్ని తన ఘాతంతో చెప్పుకుంటోంది. కాబట్టి ప్రశ్నపత్రంలో x² ని ఎగరేసి ఇవ్వడం తప్పు కాదు. నిలువు వరుసల్లో భాగించేటప్పుడు మాత్రం మనం ఘాతాల్ని వదిలేసి స్థానాల్ని నమ్ముకుంటాం. ఆ పద్ధతిలోకి దిగిన క్షణం నుంచి సున్నా తప్పనిసరి.

ఇంటర్‌లో సింథటిక్ డివిజన్ వచ్చాక ఇది ఇంకా కచ్చితం, అక్కడ x అసలు కనిపించదు, గుణకాలే ఉంటాయి. x³ − 8 ని x − 2 తో భాగించాలంటే పై వరుస 1, 0, 0, −8 అని రాయాలి. కింద 1, 2, 4, 0 వస్తాయి. అంటే భాగఫలం x² + 2x + 4, శేషం 0. ఆ రెండు సున్నాలు మర్చిపోయి 1, −8 అని రాస్తే నువ్వు భాగిస్తున్నది x³ − 8 ని కాదు, x − 8 ని.

ఇప్పుడు ఒక చిన్న చిక్కు. సున్నాలన్నీ పెట్టాక కూడా మధ్యలో ఒక్కోసారి గందరగోళం వస్తుంది. x⁴ − 3x² + 2x + 1 ని x² + 1 తో భాగించమన్నారనుకో. x⁴ + 0x³ − 3x² + 2x + 1 అని రాస్తావు. మొదటి అడుగులో భాగఫలం x². x⁴ + 0x³ + x² తీసేస్తే మిగిలేది 0x³ − 4x², 2x ని దించితే 0x³ − 4x² + 2x. ముందు పదమే సున్నా. ఏం చేయాలి? 0x³ ని x² తో భాగిస్తే 0x. భాగఫలంలో రెండో పదం 0x అన్నమాట. గుణించినా అన్నీ సున్నాలే కాబట్టి ఆ వరుస రాయక్కర్లేదు. తర్వాతి పదం 1 ని కూడా దించుకుని −4x² + 2x + 1 తో ముందుకు పో. −4x² ని x² తో భాగిస్తే −4. −4x² + 0x − 4 తీసేస్తే 2x + 5. భాగఫలం x² − 4, శేషం 2x + 5.

ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు ఏంటంటే, x² తర్వాత వచ్చేది x పదమే అనుకుని −4x అని రాసేస్తారు. సంఖ్యల్లో 2412 ని 12 తో భాగిస్తే 201 రావాలి, మధ్యలో సున్నా మర్చిపోతే 21 అవుతుంది కదా, అలాంటిదే ఇది. తేడా ఒక్కటే. లెక్క చేస్తున్నప్పుడు భాగఫలంలో + 0x రాసుకోవాలి, చివరి జవాబులో దాన్ని తీసేసి x² − 4 అని రాయొచ్చు. పై లెక్కలో నేను భాగఫలాన్ని 2x² తో ఎక్కడ మొదలుపెట్టానో గమనించు. 2x⁴ నెత్తిన కాకుండా 0x² నెత్తిన రాశాను. 3x ని x వరుస మీద, 4 ని స్థిరపదం వరుస మీద. ఇలా రాస్తే భాగఫలంలో ఏ పదం లేదో ఆ ఖాళీ నీకే కనిపిస్తుంది.

విభాజకం 2 − x² లా తలకిందులుగా ఇస్తే ముందు −x² + 2 అని మార్చుకో. అంతకుమించి అందులో విశేషమేమీ లేదు.

ఇక జవాబు రాయడం. భాగహారం చేసి, పైన భాగఫలం, అడుగున శేషం కనిపిస్తున్నాయి కదా అని వదిలేయొద్దు. పేపర్ దిద్దేవాళ్లు వెతుక్కోకుండా లెక్క కింద విడిగా రెండు లైన్లు రాయి:

భాగఫలం q(x) = 2x² + 3x + 4
శేషం r(x) = x + 12

దాని కింద ఒక్క వాక్యం: r(x) పరిమాణం 1, విభాజకం పరిమాణం 2 కంటే తక్కువ. ఆ తర్వాత భాగహార అల్గారిథమ్ రూపం:

2x⁴ + 3x³ − 5x + 4 = (x² − 2)(2x² + 3x + 4) + (x + 12)

బ్రాకెట్లు పెట్టడం మర్చిపోవద్దు, ముఖ్యంగా శేషానికి. శేషం x + 12 అయితే బ్రాకెట్ లేకపోయినా ఏమీ కాదు, నిజమే. కానీ సరిచూసే పనిలో శేషాన్ని అటువైపు పంపాల్సి వస్తే p(x) − x + 12 అని రాసేవాళ్లని చూస్తుంటాను, అది p(x) − (x + 12) కాదు. ఇంకొందరు భాగఫలాన్నీ శేషాన్నీ పక్కపక్కనే 2x² + 3x + 4 + x + 12 అని రాస్తారు. అది చదివేవాళ్లకు 2x² + 4x + 16 అవుతుంది, ఏది ఎంతో తెలియదు. శేషాన్ని భాగఫలంతో కలిపి ఒకే రాశిగా రాయాలంటే దాన్ని విభాజకంతో భాగించి రాయాలి:

(2x⁴ + 3x³ − 5x + 4) / (x² − 2) = 2x² + 3x + 4 + (x + 12) / (x² − 2)

17 ని 5 తో భాగిస్తే 3 + 2/5 అని రాసినట్టే ఇది. x² = 2 అయినప్పుడు ఈ రూపానికి అర్థం లేదు, హారం సున్నా అవుతుంది. గుణకారం రూపంలో ఆ ఇబ్బంది లేదు, x ఏదైనా నిలుస్తుంది. అందుకే ప్రశ్నలో ప్రత్యేకంగా అడిగితే తప్ప గుణకారం రూపమే రాయి.

సరిచూడమని ప్రశ్నలో ఉంటే x కి విలువ పెట్టి చూపిస్తే చాలదు, కుడివైపు పూర్తిగా గుణించి చూపించాలి. (x² − 2)(2x² + 3x + 4) = 2x⁴ + 3x³ + 4x² − 4x² − 6x − 8. ఇందులో +4x², −4x² కొట్టుకుపోతాయి. మిగిలిన 2x⁴ + 3x³ − 6x − 8 కి x + 12 కలిపితే 2x⁴ + 3x³ − 5x + 4. ఆ +4x², −4x² కొట్టుకుపోయిన చోటే ప్రశ్నలో x² పదం ఎందుకు లేదో తెలుస్తుంది. నీ తప్పు జవాబును గుణించినప్పుడు −4x² కి జోడీ దొరక్క అలాగే మిగిలిపోయింది చూశావా? ప్రశ్నలో లేని పదం గుణించాక ప్రత్యక్షమైందంటే, వరుస తప్పిందో, గుర్తు తప్పిందో అన్నమాట.

రఫ్‌లో త్వరగా చూసుకోవడానికైతే రెండు దార్లున్నాయి. ఒకటి x = 2 పెట్టడం. x = −1 కూడా నీ తప్పును పట్టుకునేది. ఇచ్చిన బహుపది 8 అవుతుంది, నీ జవాబు 0 అవుతుంది. కానీ వరుస ఒకటి కాకుండా రెండు జరిగితే, అంటే x² కి చెందాల్సింది x⁴ లో పడితే, −1 కూడా మోసపోతుంది, ఎందుకంటే (−1)², (−1)⁴ రెండూ 1 లే. x = 2 కి ఆ బలహీనత లేదు, 2, 4, 8, 16 అన్నీ వేర్వేరు. అలాగని x = 2 సరిపోతే జవాబు కచ్చితంగా సరైనదని కాదు. తేడాగా మిగిలిన బహుపదికి 2 మూలం అయిందంటే అక్కడా దొరకదు. కచ్చితం కావాలంటే గుణకారమే.

రెండో దారి శేషాన్ని మాత్రమే చూస్తుంది గానీ చాలా వేగం. విభాజకం x² − 2 కాబట్టి, విభాజ్యంలో x² కనిపించిన చోటల్లా 2 పెట్టెయ్. x⁴ అంటే (x²)², కాబట్టి 4. x³ అంటే x²·x, కాబట్టి 2x. అప్పుడు 2·4 + 3·2x − 5x + 4 = 8 + 6x − 5x + 4 = x + 12. భాగహారం చేయకుండానే శేషం వచ్చేసింది. విభాజకం సున్నా అయ్యే చోట (x² − 2)·q(x) పోయి శేషమే మిగులుతుంది, శేష సిద్ధాంతంలో x − a కి చేసేదే ఇక్కడ x² కి చేశాం. నీకు వచ్చిన 9x + 4 ఇక్కడే దొరికిపోయేది. దీన్ని పేపర్లో జవాబుగా రాయకు, భాగించి చూపమన్నప్పుడు స్టెప్పులకే మార్కులు. పక్కన రఫ్‌లో వాడుకో.

ఇప్పుడు x⁵ − 1 ని x² + 1 తో భాగించి చూడు. నాలుగు పదాలు లేవు, వరుసలు ఆరు రావాలి. భాగఫలంలో x² పదం రాదు, ఆ చోట ఖాళీ వదులు. శేషాన్ని ముందే x² కి −1 పెట్టి కనుక్కో: x⁵ అంటే x²·x²·x, కాబట్టి x, అంటే శేషం x − 1. భాగహారం చేశాక భాగఫలం x³ − x, శేషం x − 1 రావాలి. రాకపోతే నీ స్టెప్పులు ఇక్కడ పెట్టు, చూద్దాం.